ఒకే కన్యారాశిలో చంద్రుడికి సుఖం, కుజుడికి సర్దుబాటు: గ్రహ మైత్రి లెక్క

2025లో వినాయక చవితి ఆగస్టు 27న, బుధవారం వచ్చింది. ఆ రోజు విశాఖపట్నంలో ఆశీల్‌మెట్ట సంపత్ వినాయక గుడి ముందు క్యూలో జనం నిలబడి ఉన్న సమయానికి నగరంలో ఏ ఆస్పత్రిలో బిడ్డ పుట్టినా, జాతక చక్రంలో కన్యారాశి గడిలో రెండు గ్రహాలు కనిపిస్తాయి: చంద్రుడు, కుజుడు. దృక్ గణితం, లాహిరి అయనాంశ ప్రకారం మిగతా గ్రహాల స్థితి ఇది. రవి సింహంలో, బుధ శుక్రులు కర్కాటకంలో, గురుడు మిథునంలో, శని మీనంలో. ఇలాంటి చక్రం చూడగానే జ్యోతిష్కులు ఇంట్లో పెద్దవాళ్లకు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "కుజుడు శత్రు క్షేత్రంలో పడ్డాడండీ." అది విన్నాక బాలింత దగ్గర నుంచి తాతగారి దాకా అందరికీ టెన్షన్.

ఆ మాట అబద్ధం కాదు, కానీ సగంలో ఆగిపోయిన లెక్క. కన్యకు అధిపతి బుధుడు. కుజుడికి బుధుడు సహజ శత్రువే. అయితే ఒక రాశి ఒక గ్రహానికి ఎంత అనుకూలం అన్నది తేల్చడానికి శాస్త్రం రెండు లెక్కలు చెప్పింది. ఒకటి నైసర్గిక మైత్రి, అంటే పుట్టుకతో వచ్చిన సంబంధం, ఏ జాతకంలోనూ మారనిది. రెండోది తాత్కాలిక మైత్రి, ఆ జాతకంలో గ్రహాలు ఎక్కడెక్కడ కూర్చున్నాయో దాన్నిబట్టి వచ్చేది. రెండూ కలిపితేనే ఫలితం. మొదటిదాన్ని చూసి తీర్పు చెప్పేసి, రెండోదాన్ని వదిలేయడం చాలా జాతకాల్లో కనిపించే లోపం.

ముందుగా నైసర్గిక మైత్రి. చాలామంది దీన్ని పట్టికగా బట్టీ పడతారు. కానీ ఆ పట్టిక ఊరికే రాసిపెట్టింది కాదు, దాని వెనక ఒక సూత్రం ఉంది. సత్యాచార్యుల మతంగా వరాహమిహిరుడు చెప్పిన సూత్రం అది. గ్రహానికి మూలత్రికోణ రాశి, అంటే దానికి ప్రత్యేకంగా బలమిచ్చేదని శాస్త్రం చెప్పిన రాశి ఏదో చూడాలి. అక్కడి నుంచి 2, 4, 5, 8, 9, 12 రాశుల అధిపతులు, దాని ఉచ్ఛ రాశి అధిపతి మిత్రులు. మిగతా రాశుల అధిపతులు శత్రువులు. రెండు రాశులున్న గ్రహానికి ఒక రాశి ఈ లిస్టులో పడి, రెండోది పడకపోతే ఆ గ్రహం సముడు.

కుజుడికి మూలత్రికోణం మేషం. మేషం నుంచి బుధుడి రాశులు మిథునం మూడోది, కన్య ఆరోది. రెండూ లిస్టులో లేవు. కాబట్టి కుజుడికి బుధుడు శత్రువు. చంద్రుడికి మూలత్రికోణం వృషభం. వృషభం నుంచి మిథునం రెండోది, కన్య ఐదోది. రెండూ లిస్టులో ఉన్నాయి. కాబట్టి చంద్రుడికి బుధుడు పూర్తి మిత్రుడు. ఇలా ఒకటి రెండుసార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పట్టిక చూడాల్సిన అవసరమే ఉండదు. పైగా పట్టికలో కనిపించని ఒక విషయం కూడా బయటపడుతుంది. ఈ సంబంధం రెండు వైపులా ఒకేలా ఉండాలని లేదు.

బుధుడి వైపు నుంచి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. బుధుడికి మూలత్రికోణం కన్య. కన్య నుంచి చంద్రుడి ఒకే ఒక్క రాశి కర్కాటకం పదకొండోది. అది లిస్టులో లేదు. అంటే చంద్రుడు బుధుణ్ని మిత్రుడనుకుంటాడు, బుధుడు చంద్రుణ్ని శత్రువనుకుంటాడు. తారా చంద్రుల కథ చెప్పి, తండ్రి మీద కొడుక్కి కోపమని దీనికి కారణం చెప్పడం మన ఇళ్లలో మామూలే. కథ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. అయితే శత్రుత్వం వచ్చింది రాశుల లెక్క నుంచే. అదే లెక్కతో కుజుడు బుధుడికి శత్రువు కాడు, సముడు మాత్రమే: కన్య నుంచి మేషం ఎనిమిదోది, లిస్టులో ఉంది, వృశ్చికం మూడోది, లిస్టులో లేదు.

మరి ఎవరి అభిప్రాయం లెక్కలోకి వస్తుంది? రాశిలో కూర్చున్న గ్రహానిదే. అద్దెకున్న మనిషికి ఆ ఇంట్లో సుఖం ఉందా లేదా అన్నది ఓనరు పట్ల అతని మనసును బట్టి ఉంటుందే గానీ, ఓనరు లోపల ఏమనుకుంటున్నాడో దాన్నిబట్టి కాదు. కాబట్టి కన్యలో ఉన్న కుజుడి సంగతి తేల్చాలంటే కుజుడికి బుధుడు ఏమవుతాడో చూడాలి. బుధుడికి కుజుడు ఏమవుతాడన్నది అక్కర్లేదు. ఈ ఒక్కచోట దిశ తారుమారైతే లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు తాత్కాలిక మైత్రి. ఒక గ్రహం ఉన్న రాశిని ఒకటిగా పెట్టుకుని లెక్కపెట్టాలి. 2, 3, 4, 10, 11, 12 స్థానాల్లో ఉన్న గ్రహాలు దానికి తాత్కాలిక మిత్రులు. అదే రాశిలో ఉన్నవి, 5, 6, 7, 8, 9 స్థానాల్లో ఉన్నవి తాత్కాలిక శత్రువులు. చక్రంలో చూస్తే ఈ నియమం సులువు: గ్రహానికి ముందు మూడు గళ్లు, వెనక మూడు గళ్లు మిత్రులవి. నైసర్గికంలో లేని సౌలభ్యం ఇందులో ఒకటుంది, ఇది ఎప్పుడూ ఇద్దరికీ సమానమే. ఒకరికి మూడో స్థానంలో ఉన్నవాడికి మొదటివాడు పదకొండో స్థానంలోనే ఉంటాడు, రెండూ మిత్ర స్థానాలే.

ఈ మెట్టు దగ్గర తరచుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, గ్రహం ఉన్న గడిని వదిలేసి పక్క గడి నుంచి ఒకటి అని మొదలుపెట్టడం. అలా చేస్తే నాలుగో స్థానం మూడైపోతుంది, ఐదు నాలుగై శత్రువు కాస్తా మిత్రుడైపోతాడు. రెండోది, లగ్నం నుంచి లెక్కపెట్టడం. తాత్కాలిక మైత్రికీ లగ్నానికీ సంబంధమే లేదు. ఇది గ్రహం నుంచి గ్రహానికి చూసే లెక్క. తప్పు పట్టుకోవడానికి సులువైన మార్గం కూడా ఉంది. పట్టిక వేశాక ఎక్కడైనా ఒక గ్రహం రెండోదానికి తాత్కాలిక మిత్రుడై, రెండోది మొదటిదానికి తాత్కాలిక శత్రువుగా కనిపిస్తే లెక్కలో పొరపాటు జరిగినట్టే.

రెండు సంబంధాలనూ కలిపితే ఐదు మెట్లు వస్తాయి, అందుకే పంచధా మైత్రి అంటారు. రెండు చోట్లా మిత్రుడైతే అధిమిత్రుడు. సహజంగా సముడై తాత్కాలికంగా మిత్రుడైతే మిత్రుడు. ఒకచోట మిత్రుడు, ఒకచోట శత్రువు అయితే సముడు. సహజంగా సముడై తాత్కాలికంగా శత్రువైతే శత్రువు. రెండు చోట్లా శత్రువైతే అధిశత్రువు.

ఈ ఐదింటిలో జాగ్రత్తగా చూడాల్సింది సముడనే మెట్టు. నైసర్గికంలో సముడంటే అటూ ఇటూ కానివాడు. పంచధా మైత్రిలో సముడికి అర్థం వేరు. సహజంగా సముడైన గ్రహం ఇక్కడ సముడుగా మిగలనే మిగలదు, తాత్కాలిక లెక్క దాన్ని మిత్రుడి వైపో శత్రువు వైపో నెట్టేస్తుంది. ఇక్కడ సముడయ్యేది ఎప్పుడూ ఒక మైత్రి, ఒక వైరం ఢీకొన్న సంబంధమే. సాఫ్ట్‌వేర్ ప్రింటు తీసిన జాతకంలో రెండు పట్టికల్లోనూ "సమ" అనే ఒకే మాట ఉంటుంది కాబట్టి చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఆ మాట ఏ పట్టికలో ఉందో చూసుకోకుండా ఫలితం చెప్పకూడదు.

చవితి నాటి చక్రానికి వద్దాం. కుజుడు కన్యలో, రాశి అధిపతి బుధుడు కర్కాటకంలో. కన్య నుంచి కర్కాటకం పదకొండోది, తాత్కాలిక మిత్ర స్థానం. సహజ శత్రువు, తాత్కాలిక మిత్రుడు: కలిపితే సముడు. కుజుడు ఉన్నది శత్రు క్షేత్రం కాదు, సమ క్షేత్రం. లోపల బుధుడితో పొసగదు, కానీ ప్రస్తుతం ఇద్దరికీ పని నడుస్తోంది. అదే గడిలో చంద్రుడు. బుధుడు అతనికీ పదకొండులోనే ఉన్నాడు, అతనికి సహజ మిత్రుడు కూడా. కాబట్టి అధిమిత్ర క్షేత్రం. ఒకే రాశి, ఒకే అధిపతి, ఒకే దూరం. చంద్రుడికి అంతకన్నా మంచి పరాయి ఇల్లు ఉండదు, కుజుడికి అది సర్దుకుపోయే చోటు. ఒక రాశిని మంచి రాశి అనో చెడ్డ రాశి అనో విడిగా అనలేం, అందులో ఎవరున్నారో కూడా చెప్పాలి.

ఇదే చక్రంలో బుధుడు కర్కాటకంలో, అంటే చంద్రుడి ఇంట్లో ఉన్నాడు. చంద్రుడు బుధుడి ఇంట్లో ఉన్నాడు. ఇది పరివర్తన. పరివర్తన అనగానే ఇద్దరికీ సమానంగా లాభమని అనేస్తుంటారు. మైత్రి లెక్క అలా చెప్పదు. బుధుడికి చంద్రుడు సహజ శత్రువు, కర్కాటకం నుంచి కన్య మూడోది కాబట్టి తాత్కాలిక మిత్రుడు, మొత్తం మీద సముడు. ఇళ్లు మార్చుకున్న ఇద్దరిలో చంద్రుడు అధిమిత్రుడి ఇంట్లో ఉన్నాడు, బుధుడు సముడి ఇంట్లో ఉన్నాడు. ఆ రోజు పుట్టిన బిడ్డకు చంద్ర దశ, బుధ దశ ఒకేలా నడుస్తాయని చెప్పడానికి ఈ లెక్క ఒప్పుకోదు.

తేడా ఎంతో అంకెల్లో చూడాలంటే, గ్రహ బలాన్ని ఆరు రకాలుగా కొలిచే షడ్బలాల్లో స్థాన బలం కింద వచ్చే సప్తవర్గజ బలం ఉంది. శ్రీపతి పద్ధతిలో మూలత్రికోణానికి 45 షష్ట్యంశలు, స్వక్షేత్రానికి 30, అధిమిత్ర క్షేత్రానికి 22.5, మిత్రుడికి 15, సముడికి 7.5, శత్రువుకి 3.75, అధిశత్రువుకి 1.875. మిత్రుడి ఇంటి నుంచి కిందికి ఒక్కో మెట్టు దిగితే బలం సగానికి సగం పడిపోతుంది. రాశి చక్రం వరకు చూస్తే చవితి నాటి చంద్రుడికి 22.5, కుజుడికి 7.5. అసలు లెక్కలో రాశితో పాటు హోర, ద్రేక్కాణం, సప్తాంశ, నవాంశ, ద్వాదశాంశ, త్రింశాంశ కూడా ఉంటాయి. రాశిలో సముడి ఇంట ఉన్న గ్రహం నవాంశలో స్వక్షేత్రంలో ఉండొచ్చు. అందుకని ఒక్క రాశి చక్రం చూసి గ్రహానికి బలం లేదని తేల్చేయడం తొందరపాటే.

ఈ మైత్రి లెక్కకు ఒక పరిమితి కూడా ఉంది, అది చెప్పుకోవాలి. చవితి రోజు పొద్దున్న 8 గంటలకు విశాఖలో పుట్టిన బిడ్డకు కన్యా లగ్నం, మధ్యాహ్నం 2:30కి పుట్టిన బిడ్డకు ధనుర్లగ్నం. ఇద్దరి మైత్రి పట్టికా అక్షరం తేడా లేకుండా ఒకటే. విజయవాడలో పుట్టినా అంతే. కానీ మొదటి బిడ్డకు కుజుడు లగ్నంలో ఉన్నాడు, రెండో బిడ్డకు పదో స్థానంలో, అంటే దిక్కును బట్టి అతనికి వచ్చే దిగ్బలంతో ఉన్నాడు. మైత్రి చెప్పేది గ్రహానికి ఆ చోట ఎంత హాయిగా ఉందన్నది మాత్రమే. ఆ గ్రహం జీవితంలో ఏ పని మీద ఉందో లగ్నం చెబుతుంది. ఆ ఒక్కరోజులో పట్టిక మారిన సందర్భం ఒకటే: సాయంత్రం ఏడు దాటాక చంద్రుడు తులలోకి వెళ్లాడు. తుల అధిపతి శుక్రుడు చంద్రుడికి సహజంగా సముడు, పదో స్థానమైన కర్కాటకంలో ఉన్నాడు కాబట్టి తాత్కాలిక మిత్రుడు. ఆ రాత్రి పుట్టిన పిల్లలకు చంద్రుడు అధిమిత్రుడి ఇంటి నుంచి మిత్రుడి ఇంటికి, ఒక మెట్టు దిగాడు.

రాశి అధిపతి కదలడం వల్ల ఎంత మారుతుందో ఆ తర్వాత మూడు వారాల్లో ఇంకా బాగా కనిపించింది. సెప్టెంబరు 15న శుక్రుడు సింహంలోకి వచ్చాడు. శుక్రుడికి రవి సహజ శత్రువు. రవి అప్పటికి సింహంలోనే ఉన్నాడు. అదే రాశిలో ఉండడం తాత్కాలిక శత్రుత్వం. కాబట్టి 15, 16 తేదీల్లో పుట్టిన పిల్లలకు శుక్రుడు అధిశత్రు క్షేత్రంలో ఉన్నాడు. 17న కన్యా సంక్రమణం, విశాఖలో వర్క్‌షాపుల్లో విశ్వకర్మ పూజలు జరిగే రోజు. రవి కన్యలోకి మారాడు, శుక్రుడికి రెండో స్థానం అయ్యాడు. శుక్రుడు ఉన్నచోటే ఉన్నాడు, అతనికి మాత్రం ఆ ఇల్లు సమ క్షేత్రమైంది.

ఇందులో ఖగోళం వైపు నుంచి ఒక సంగతి కలిసొస్తుంది. ఆకాశంలో శుక్రుడు రవికి దాదాపు 48 డిగ్రీలకు మించి దూరం వెళ్లడు, బుధుడు దాదాపు 28 డిగ్రీలకు మించి వెళ్లడు. అంటే రవికి శుక్రుడు ఉండగలిగేది అదే రాశిలోనో, రెండు పక్కల రెండేసి రాశుల్లోనో మాత్రమే. పక్క రాశులన్నీ మిత్ర స్థానాలే. కాబట్టి సింహంలో ఉన్న శుక్రుడు అధిశత్రు క్షేత్రంలో ఉండాలంటే రవి కూడా సింహంలోనే ఉండాలి. రవి వేరే చోట ఉంటే ఎప్పుడూ సముడే. సింహంలో శుక్రుణ్ని చూసి భయపడే ముందు రవి ఎక్కడున్నాడో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. సింహంలో బుధుడికైతే బెంగే లేదు. రవి అతనికి సహజ మిత్రుడు. రవి సింహంలో ఉంటే సముడు, పక్క రాశిలో ఉంటే అధిమిత్రుడు, అంతకన్నా కిందికి దిగే వీలే లేదు.

అధిపతి తన ఇంట్లోనే ఉంటే అతిథికి ఇబ్బంది అన్నది చాలామందికి మింగుడుపడదు. ఇంటి యజమాని ఉంటే రాశికి బలం కదా అంటారు. రాశికి బలమే, ఆ భావానికి బలమే, అందులో సందేహం లేదు. గ్రహం సుఖం వేరు లెక్క. కన్యలో కుజుడు ఉండగా బుధుడు కూడా అక్కడికే వచ్చి ఉంటే బుధుడు ఉచ్ఛలో, స్వక్షేత్రంలో ఉండేవాడు, కుజుడు మాత్రం అధిశత్రు క్షేత్రంలో పడేవాడు. 2025లో అది రెండు రోజుల తేడాతో తప్పింది: సెప్టెంబరు 13న కుజుడు తులలోకి వెళ్లిపోయాడు, 15న బుధుడు కన్యలోకి వచ్చాడు.

అధిపతి బలం, అతిథి సుఖం వేరువేరన్నది మీనంలో శని విషయంలో ఇంకా గట్టిగా తెలుస్తుంది. శనికి గురుడు సహజంగా సముడు. చవితినాడు గురుడు మిథునంలో ఉన్నాడు, మీనం నుంచి నాలుగోది, కాబట్టి శని మిత్ర క్షేత్రంలో ఉన్నాడు. అక్టోబరు 18న గురుడు అతిచారంలో, అంటే మామూలుకన్నా వేగంగా నడిచి, కర్కాటకానికి వెళ్లాడు. మీనం నుంచి ఐదోది. శని ఒక్కసారిగా శత్రు క్షేత్రంలో పడ్డాడు, రాశి లెక్కలో 15 నుంచి 3.75కి. విచిత్రమేమిటంటే కర్కాటకంలో గురుడు ఉచ్ఛలో ఉన్నాడు. పైగా అక్కడి నుంచి అతని తొమ్మిదో చూపు మీనం మీద, శని మీద పడుతోంది. త్రికోణం శుభం, గురు దృష్టి శుభం అని ప్రతి గ్రంథమూ చెబుతుంది. తాత్కాలిక మైత్రి మాత్రం 5, 9 స్థానాలను శత్రు స్థానాలే అంటుంది.

ఇది వైరుధ్యం కాదు. దృష్టి ఒక గ్రహం మరో గ్రహానికి చేసే పని. మైత్రి ఆ గ్రహానికి కూర్చున్న చోట ఉన్న సౌకర్యం. ఒకదానితో రెండోదాన్ని కొట్టేయకూడదు, రెండూ విడిగా రాసుకోవాలి. ఆ నెలల్లో పుట్టిన బిడ్డకు శని సంబంధమైన పనుల్లో అసౌకర్యం, ఒత్తిడి ఉంటాయి. అయినా పెద్దల అండ, గురువుల సాయం వాటిని దాటించే వీలుంది అని చదవడం ఈ రెండు లెక్కలకూ న్యాయం చేసే పద్ధతి. గురు దృష్టి ఉంది కాబట్టి శత్రు క్షేత్రం లెక్కలోకి రాదనడం, శత్రు క్షేత్రం కాబట్టి గురు దృష్టి పనిచేయదనడం, రెండూ సరికావు.

డిసెంబరు 5న గురుడు వక్రించి మిథునానికి తిరిగొచ్చాడు, శనికి మళ్లీ మిత్ర క్షేత్రమైంది. 2026 జూన్ 2న గురుడు మళ్లీ కర్కాటకంలోకి, అక్టోబరు 31న సింహంలోకి, 2027 జనవరిలో వక్రగతిలో మళ్లీ కర్కాటకంలోకి. మీనం నుంచి ఇవి ఐదు, ఆరు స్థానాలు, రెండూ శత్రు స్థానాలే. కాబట్టి 2026 జూన్ 2 నుంచి, శని మేషానికి మారే 2027 జూన్ 3 వరకు, ఆ ఏడాదంతా మీన శనికి శత్రు క్షేత్రమే. అయితే అందులో గురుడు కర్కాటకంలో ఉన్న నెలల్లో పుట్టినవారికి గురు దృష్టి తోడుంటుంది. సింహంలో ఉన్న దాదాపు మూడు నెలల్లో పుట్టినవారికి అది కూడా ఉండదు, ఎందుకంటే సింహం నుంచి గురుడి చూపు పడేది ధనుస్సు, కుంభం, మేషాల మీదే.